చెన్నై నుంచి జెబెల్ అలీకి పొడుల పెట్టెలు: ముగ్గురు ఫార్వార్డర్లు, ముగ్గురి కొటేషన్లు

గుంటూరు నుంచి కారప్పొడి, కందిపొడి, అప్పడాలు జెబెల్ అలీ రేవు ద్వారా దుబాయ్‌లోని ఒక తెలుగువారి కిరాణా దుకాణానికి కొన్నేళ్లుగా పంపుతున్నాను. కంటెయినర్ మొత్తం నిండేంత సరుకు నా దగ్గర ఉండదు. అందుకని ఎల్‌సీఎల్‌లో, అంటే నలుగురి సరుకుతో కలిపి ఒకే కంటెయినర్‌లో పంపిస్తాను. ఇన్నేళ్లలో ముగ్గురు ఫార్వార్డర్లతో పనిచేశాను. ఇప్పుడు ఒక్కరితోనే ఉన్నాను. ఆయన కొటేషన్ పైపైన చూస్తే తక్కువదేమీ కాదు.

ఫార్వార్డర్‌కు ఓడ ఉండదు, చాలామందికి సొంత లారీ కూడా ఉండదు. లారీ మాట్లాడటం, చెన్నైలో కంటెయినర్లు నింపే గోదాము అయిన సీఎఫ్‌ఎస్‌కు సరుకు చేర్చడం, కస్టమ్స్ బ్రోకర్ చేత ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్ వేయించడం, కంటెయినర్‌లో చోటు కొనడం, సరుకు అందుకున్నట్టు రవాణా రసీదైన బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వడం, అవతలి రేవులో సరుకు విడిపించే ఏజెంట్‌ను పెట్టడం ఆయన పని. ఎల్‌సీఎల్‌లో ఇంకో సంగతి ఉంది. చిన్న ఫార్వార్డర్లు చాలామంది కంటెయినర్ తామే నింపరు, పలువురి సరుకు కలిపి కంటెయినర్ నింపే కన్సాలిడేటర్ దగ్గర చోటు కొంటారు. మూడు కొటేషన్లలో అదే ఓడ, సరుకు చేర్చడానికి ఆఖరు గడువైన అదే కటాఫ్ తేదీ, అదే సీఎఫ్‌ఎస్ కనిపిస్తే మూడూ ఒకే కంటెయినర్‌కేనేమో అనుకోవచ్చు. అప్పుడు తేడా వచ్చేది వాళ్ల మార్జిన్‌లో, మన ఫోన్ ఎత్తడంలో.

ధరలు పోల్చేముందు కొలత ఒకటి చేయాలి. నా పెట్టె 60×40×40 సెంటీమీటర్లు. 48 పెట్టెలంటే 4.6 ఘనపు మీటర్లు. వాటినే మూడు ప్యాలెట్ల మీద కడితే, ప్యాలెట్ 120×80, ఎత్తు 175 అనుకుంటే, 5.04 అవుతుంది. బరువు టన్నులోపే. ఎల్‌సీఎల్‌లో ఒక టన్నును ఒక ఘనపు మీటరుతో సమానంగా లెక్కేసి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కడతాం. అంటే నాకు పడేది ఘనపరిమాణం మీదే. ఒకరు విడి పెట్టెల కొలతతో, ఇంకొకరు ప్యాలెట్‌తో కలిపి కొటేషన్ ఇస్తే ఆ రెండూ పోల్చడానికి పనికిరావు. అందుకే కొలతలు నేనే రాసి, ప్యాలెట్ ఉందని చెప్పి, ముగ్గురికీ ఒకే మెయిల్ పంపుతాను.

ఇక అసలు మెలిక. గుండ్రంగా 5 ఘనపు మీటర్లు, డాలర్‌కు 85 రూపాయల లెక్కన ముగ్గురిలో ఇద్దరి కొటేషన్లు చూద్దాం. మొదటివారి ఓడ కిరాయి ఘనపు మీటరుకు 2 డాలర్లు, చెన్నైలో ఖర్చులు 14,000 రూపాయలు. మొత్తం 14,850. రెండోవారిది 40 డాలర్లు, చెన్నైలో 12,000. మొత్తం 29,000. దాదాపు రెట్టింపు! కానీ మొదటి కొటేషన్ అడుగున సన్నగా ఒక లైన్ ఉంది: ‘డెస్టినేషన్ చార్జీలు యాజ్ పర్ యాక్చువల్స్’, అంటే అవతలి రేవులో ఖర్చు ఎంతైతే అంత. అవి ఎంతని అడిగితే, “దానితో మీకు సంబంధం లేదు సార్, మీ బయ్యర్ చూసుకుంటారు” అన్నారు. రెండుసార్లు గుర్తుచేశాక టారిఫ్ వచ్చింది: ఘనపు మీటరుకు 60 డాలర్లు, పత్రాలకు 120. మొత్తం 420 డాలర్లు. రెండోవారిది 25 చొప్పున, పైన 60, అంటే 185 డాలర్లు. అన్నీ కలిపితే మొదటిది 50,550 రూపాయలు, రెండోది 44,725.

ఈ రూట్‌లో ఇది మామూలే. ఇక్కడ కిరాయి నామమాత్రంగా చూపించి, అక్కడి ఏజెంట్ చేత సరుకు అందుకునేవారి దగ్గర వసూలు చేయించి, అందులో వాటా వెనక్కి తెచ్చుకుంటారు. సీఐఎఫ్‌లో, అంటే అవతలి రేవు వరకు కిరాయి, బీమా నేనే కట్టే పద్ధతిలో అమ్మితే ఆ బిల్లు నాకు కనిపించదు. మా దుకాణదారుకు కనిపిస్తుంది. ఆయన తర్వాతి ఆర్డర్‌లో ధర తగ్గించమంటాడు. కాబట్టి అక్కడ సరుకు విడుదలకు ఇచ్చే డెలివరీ ఆర్డర్ ఫీజు, అక్కడి సీఎఫ్‌ఎస్ ఖర్చు అంకెలతో రాసి ఇవ్వనివారి కొటేషన్ నేను పోల్చను. ‘ఆల్ ఇన్’ అని ఒకే అంకె రాసేవారిని అందులో ఏవి లేవో అడుగుతాను. కస్టమ్స్ ఎగ్జామినేషన్‌కు పెట్టెలు విప్పితే అయ్యే కూలీ సాధారణంగా బయటే ఉంటుంది.

ఇంకో ప్రశ్న: కంటెయినర్ చెన్నై నుంచి నేరుగా వెళ్తుందా, మధ్యలో ఇంకో రేవులో విప్పి మళ్లీ నింపుతారా? అప్పడాల పెట్టెలకు ఈ తేడా చాలా పెద్దది. మధ్యలో విప్పిన ప్రతిచోటా మూలలు నలుగుతాయి.

నేను రెండోవారితోనే ఉండిపోయాను. ఒకసారి సీఎఫ్‌ఎస్‌లో తూచిన బరువు ప్యాకింగ్ లిస్ట్‌తో సరిపోలేదు. కటాఫ్‌కు ముందే వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి, “కాంటా చీటీ వాట్సాప్ చేశానండి, చూసి ఏది కరెక్టో చెప్పండి” అన్నాడు. పత్రాలు సరిదిద్దాక ఆ ఓడకే సరుకు ఎక్కింది. అంతకుముందు ఉన్నవారైతే ఇలాంటివి ఓడ వెళ్లాక చెప్పేవారు.

పేచీ లేదని కాదు. డాలర్లలో కోట్ చేసిన కిరాయిని రూపాయల్లోకి మార్చేటప్పుడు బ్యాంకు రేటు కన్నా కాస్త ఎక్కువ వేస్తారు. ఏ తేదీ, ఏ బ్యాంకు రేటో కొటేషన్‌లోనే రాయమని ప్రతిసారీ అడుగుతున్నాను. రాస్తారు, బిల్లులో మాత్రం ఇంకో రేటు వస్తుంది, మళ్లీ మెయిల్ పెట్టాక సరిచేస్తారు.