ఫొటోలో మనిషిని అతికించే ముందు fSpy: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గుంటూరులో ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. నాకొచ్చే పనుల్లో ఫ్యామిలీ గ్రూపు ఫొటోలో లేని మనిషిని చేర్చమనేవి చాలా ఉంటాయి. రంగు, నీడ, అంచులు అన్నీ కుదిరినా మనిషి ఎక్కడో తేలుతున్నట్టు కనిపిస్తే, బ్యాక్‌గ్రౌండ్ తీసిన కెమెరా, ఆ మనిషిని తీసిన కెమెరా ఒకే చోట లేవని అర్థం. అది కొలవడానికే fSpy వాడుతున్నాను. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్. గోడ అంచులు, మెట్ల అంచుల మీద గీతలు సర్దితే ఆ ఫొటో ఎంత వెడల్పు కోణంతో తీశారో Field of view దగ్గర చెబుతుంది.

ఒక పని వివరంగా చెబుతాను. ఫంక్షన్ హాలు మెట్ల ముందు ఫోనుతో తీసిన గ్రూపు ఫొటో, 4000 పిక్సెల్స్ వెడల్పు. మెట్ల అంచుల మీద ఒక జత గీతలు, పక్క గోడ మీద ఇంకో జత పెడితే 69 డిగ్రీలు చూపించింది. అంటే ఫోను మామూలు కెమెరానే, 25 ఎం.ఎం. లెన్సుతో సమానం. రెండు జతల గీతలూ కలిసే బిందువులను కలిపితే వచ్చేది కంటిమట్టం గీత, అంటే కెమెరా ఉన్న ఎత్తు. అది ముందు వరస వాళ్ళందరికీ మెడ దగ్గర వెళ్ళింది. కాబట్టి కెమెరా నేల నుంచి దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంది. వాళ్ళ పాదాలు ఆ గీతకు 1200 పిక్సెల్స్ కింద ఉన్నాయి, దాన్నిబట్టి దూరం సుమారు 3.6 మీటర్లు.

చేర్చాల్సింది చనిపోయిన తాతగారిని. ఆయనది పాత ఫిల్ము ఫొటో, లెన్సు ఏమిటో ఎవరికీ తెలియదు. కానీ అందులో ఆయన కాళ్ళ పక్కన నేల మీద గుండ్రటి హారతి పళ్ళెం ఉంది. దాని వెడల్పు 210 పిక్సెల్స్, ఎత్తు 40. ఎత్తును వెడల్పుతో భాగిస్తే 0.19, అంటే కెమెరా ఆ పళ్ళాన్ని 11 డిగ్రీల వాలులో చూసింది. నేల బండల గీతలు కలిసే మట్టం ఆయన నడుము దగ్గర తేలింది, సుమారు 90 సెంటీమీటర్లు. ఈ రెండూ కలిపితే దూరం 4.6 మీటర్లు. అదే పళ్ళెం గ్రూపు ఫొటోలో ముందు వరస కాళ్ళ దగ్గర ఉంటే అదే వెడల్పుకు 80 పిక్సెల్స్ ఎత్తు ఉండాలి, రెట్టింపు. తాతగారిని ముందు వరసలో పెడితే పాదాలు నేలకు ఆనవు.

ఇక్కడ చాలామంది లెన్సు నంబరు కలవలేదని వెతుకుతారు. ముఖం, భుజాలు, పాదాల రూపాన్ని నిర్ణయించేది కెమెరా ఎత్తు, దూరం. లెన్సు నంబరు ఎంత భాగం ఫ్రేములోకి వచ్చిందో చెబుతుందంతే. అందుకే మనిషిని మార్చకుండా చోటు మార్చాను. నాలుగో మెట్టు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వరసకు మీటరు వెనక ఉంది. అక్కడ నిలబడితే కెమెరా ఆయన పాదాలకు సరిగ్గా 90 సెంటీమీటర్ల పైన, 4.6 మీటర్ల దూరంలో ఉన్నట్టే. పాదాలు కంటిమట్టానికి 560 పిక్సెల్స్ కింద వచ్చేలా పెట్టాను, కుదిరింది.

తాతగారి అబ్బాయి మొదట "నాన్నగారిని ఎడమ చివర పెట్టండి" అన్నారు. వద్దన్నాను. 69 డిగ్రీల ఫొటోలో అంచు దగ్గరున్న అసలు మనుషులు పక్కకు సుమారు 15 శాతం సాగి ఉంటారు. పక్కవాళ్ళు సాగి, ఈయన మామూలుగా ఉంటే సన్నగా, అట్టబొమ్మలా కనిపిస్తారు. మధ్యలో ఆ ఇబ్బంది లేదు. తప్పదంటే అతికించిన మనిషిని అడ్డంగా అంతే సాగదీయాలి. కొన్ని ఫోన్లు అంచున ముఖాలను తామే సరిచేస్తాయి కాబట్టి ముందు పక్కనున్నవాళ్ళ తల చూసి నిర్ణయించాలి.

ఇక లోపాలు. fSpy లెన్సు వంపును లెక్కలోకి తీసుకోదు, గీతలన్నీ తిన్నగా ఉన్నాయనే అనుకుంటుంది. పొడవాటి దూలం అంచు మీద గీత పెట్టి చూస్తే మధ్యలో విల్లులా దూరం జరిగిందో లేదో తెలుస్తుంది. ఫ్రేము అంచున గీతలు పెడితే ఒక కోణం, లోపల పెడితే ఇంకో కోణం చూపించినా వంపు ఉన్నట్టే. అప్పుడు ముందు లెన్స్ కరెక్షన్ చేసి వంపు తీసేసి, కొలిచి, అతికించి, చివర్లో మొత్తం ఫొటోకి అదే వంపు తిరిగి ఇస్తాను. బ్యాక్‌గ్రౌండ్ వంగి, మనిషి ఒక్కడే వంపు లేకుండా ఉంటే గోడ పక్కన దొరికిపోతాడు.

వాట్సాప్‌లో వచ్చే కత్తిరించిన ఫొటోలతో ఇంకో సమస్య. ప్రోగ్రామ్ ఫొటో మధ్యనే లెన్సు మధ్య అనుకుంటుంది. ఒక పక్క కత్తిరిస్తే కోణం తప్పుగా వస్తుంది. నేను అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమని అడుగుతాను.

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి దాని పొడవునా తీసిన ఫొటోల్లో రెయిలింగులు, రోడ్డు అన్నీ ఒకే వైపు కలుస్తాయి, రెండో జత దొరకదు. వాటికి లెన్సు ఏమిటో మనమే చెప్పాలి, అప్పుడే లెక్క కుదురుతుంది. ఫొటోగ్రాఫర్‌ని అడిగి తెలుసుకునే వీలుంటేనే అలాంటి పని ఒప్పుకుంటాను.