ఆరేళ్లుగా ఒకే షత్రంజీ మీద

యోగా చేస్తానని తెలిసినప్పటి నుంచి నాకు వచ్చిన బహుమతులన్నీ దాదాపు అటక మీదే ఉన్నాయి. నీళ్లు కారే బుద్ధుడు, చప్పుడు చేసే ఇత్తడి గిన్నె, వాసన కొవ్వొత్తులు. ఇచ్చినవాళ్ల ప్రేమను తప్పుపట్టను కానీ, కళ్లు మూసుకుని కూర్చునే మనిషికి చూడటానికి వస్తువులెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అటకెక్కనిది ఒక్కటే, 2019 దసరాకు మా చెల్లె ఇచ్చిన నూలు షత్రంజీ. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద నేసింది. దుకాణాల్లో దర్రీ అంటారు, మా ఇంట్లో షత్రంజీయే. 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. హన్మకొండలో మా ఇంటి డాబా మీద రోజూ పొద్దున దీని మీదే ఆసనాలు వేస్తాను, తర్వాత దీన్నే మడిచి ధ్యానానికి కూర్చుంటాను.

ఈ రెండో వాడకం సంగతి ఇచ్చిన చెల్లెకు కూడా తెలియదు. సుఖాసనంలో నా మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. అలా ఉంటే నడుము వెనక్కి గూనిలా వంగుతుంది, పది నిమిషాలకే పాదాలు తిమ్మిరెక్కుతాయి. కింద కాస్త ఎత్తు ఉంటే మోకాళ్లు దిగుతాయి. దూది దిండు పెట్టి చూశాను, రెండు నెలల్లో నడుమ గుంట పడింది. షత్రంజీని పొడవులో రెండుసార్లు, వెడల్పులో ఒకసారి మడిస్తే ఎనిమిది పొరలవుతుంది. మాది మందం నేత కాబట్టి దాదాపు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, పైగా అణగదు. మడత ఉన్న వైపు ముందుకు పెట్టుకుని, వెనక్కి జరగకుండా ఆ అంచు దగ్గరే కూర్చోవాలి. అప్పుడు నడుము దానంతటదే నిలబడుతుంది. అది కూడా చాలని వాళ్లకు ఇంకో దుప్పటి కావాలి. నాకు సరిపోయింది.

ఇక లోపాలు. డాబా మీద గరుకు సిమెంటు కాబట్టి బాధ లేదు. వానాకాలం ఇంట్లోకి దిగితే టైల్స్ మీద ఇది సబ్బులా జారుతుంది. మొదటి ఏడాది, చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో షత్రంజీ కాళ్ల కింద నుంచి జారి, మోకాలు టైల్‌కు కొట్టుకుని వారం రోజులు కుంటుతూ నడిచాను. ఆ తర్వాత కార్పెట్ కింద వేసే యాంటీ స్లిప్ నెట్ తెచ్చి అడుగున పరిచాను. దాంతో షత్రంజీ కదలడం మానేసింది. కానీ పొడి అరచేతులు పైన ఇంకా జారుతాయి. చేతులు ఆనేచోట నాలుగు చుక్కల నీళ్లు చల్లుకుంటాను, తడి నూలు పట్టు ఇస్తుంది. చెమట బాగా పట్టేవాళ్లకు ఆ అవసరం కూడా ఉండదు.

మొదటి ఉతుకులో ఎరుపు దిగి నా తెల్ల పంచె గులాబీ రంగైంది. అంతకంటే నొప్పించింది పొడవు, నాలుగైదు ఉతుకులకు రెండు అంగుళాలు కుంచించుకుపోయింది. నేను 5 అడుగుల 10 అంగుళాలు, శవాసనంలో ఇప్పుడు మడమలు అంచు మీదే ఉంటాయి. నన్నడిగితే ఆరున్నర అడుగులది కొనమనేదాన్ని. తడిస్తే ఒక్కదాన్నే పిండలేనంత బరువు, అందుకే ఎండాకాలమే ఉతుకుతాను. ఒకసారి ముసురులో ఉతికి సగం ఆరాక మడిచి పెడితే పట్టిన ముక్కవాసన రెండు నిండు ఎండలకు గానీ పోలేదు. కుచ్చుల్లో కాలివేలు తట్టుకుని ముళ్లు ఊడుతుంటే రెండు చివర్లూ లోపలికి మడిచి కుట్టించేశాను.

కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఆ పేరు చెప్పి ఎవరైనా ఏదైనా అంటగట్టొచ్చు. తిప్పి చూడండి. రంగు నూలుతో నేసింది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదైతే వెనుక వెలిసినట్టు కనిపిస్తుంది. ఈ పనికి అచ్చుది వద్దు, ఉతుకులకు బొమ్మ పోతుంది. కుచ్చులోంచి ఒక పోగు అడిగి తీసుకుని కాల్చితే నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. తడి తెల్లగుడ్డతో ఎరుపు మీద రుద్దితే రంగు సంగతి అక్కడే తేలుతుంది. నేను ఇవేవీ చూడలేదు, చెల్లె చూసిందట.

మొన్న దాని కొడుకు యోగా క్లాసులో చేరాడు. వాడికేమివ్వాలని ఫోన్ చేసింది.

"వాడు చేసే గదిలో నేల ఏంటిదే?" అన్నాను.

"పాలరాయి అక్కా."

"అయితే షత్రంజీ నువ్వు తీసుకో, దాని కిందికి నెట్ నేను తెస్తా."