గుడ్ల బాయిలర్‌తో మూడేళ్లు

విజయనగరంలో మా ఇంట్లో ఏడు గుడ్లు పట్టే ఈ కరెంటు బాయిలర్ కొని మూడేళ్లు దాటింది. రోజూ పొద్దున్న నాలుగు గుడ్లు పెడతాం. మా పెద్దాడికి పచ్చసొన జారుగా ఉండాలి, మా ఆయనకీ నాకూ మధ్యలో కాస్త మెత్తగా ఉండాలి, అత్తమ్మకి పొడిపొడిగా ఉడికితేనే గుడ్డు.

కొన్న వారమే ఇబ్బంది పెట్టింది. రెండే గుడ్లు కదా అని నీళ్లు తక్కువ పోశాను, పచ్చిగా దిగాయి. ఇందులో గడియారం లేదు. నీళ్లు ఇగిరిపోయి ప్లేటు బాగా వేడెక్కితే అదే ఆగుతుంది, అంటే పోసిన నీళ్లే టైము. చల్లటి గుడ్లకు తగిలిన ఆవిరి నీరై మళ్లీ కిందకి కారుతుంది. గుడ్లు ఎక్కువుంటే కారేదీ ఎక్కువ, అందుకే నీళ్లు తక్కువ చాలు. గుడ్లు తగ్గితే నీళ్లు పెంచాలి.

ఇప్పుడు కొలత గ్లాసులో గట్టి గుడ్ల గీత దాకా పోసి, ఆవిరి మొదలయ్యాక ఫోన్‌లో టైమర్ పెడతాను. ఫ్రిజ్‌లో పెట్టని మామూలు ఫారం గుడ్డయితే ఆరు నిమిషాలకు మూత తీసి పెద్దాడిది, ఎనిమిదికి మా ఇద్దరివి, పదకొండుకి అత్తమ్మది తీస్తాను. మూత తీసినప్పుడు ఆవిరి చెయ్యి కాలుస్తుంది, పట్టకారు వాడాలి. ఆగిపోయాక మూత కింద వదిలేస్తే గుడ్డు ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తే అదే కారణం.

పెంకు సంగతికొస్తే, మిషన్ కన్నా గుడ్డు వయసే ముఖ్యం. సంక్రాంతికి మా అమ్మ చీపురుపల్లి దగ్గర ఊరి నుంచి పన్నెండు నాటు గుడ్లు తెచ్చింది, ఆ పొద్దున పెట్టినవే. ఆరు ఉడికిస్తే పెంకుతో పాటు తెల్లసొన సగం ఊడొచ్చింది. అత్తమ్మ ముందు పరువు పోయింది. మిగతా ఆరు బుట్టలో ఉంచి వారం తర్వాత ఉడికిస్తే చక్కగా ఒలిచాయి. తాజా గుడ్డు తెల్లసొన లోపలి పొరకు గట్టిగా అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, అప్పుడు పట్టు వదులుతుంది. నాటు గుడ్లు చిన్నవి కాబట్టి ఒక నిమిషం తగ్గిస్తాను.

తీసిన వెంటనే ఐసు నీళ్లలో ఐదు నిమిషాలు వేసి, లావు కొనవైపు కొట్టి, నీళ్లలోనే ఒలుస్తాను. గాలి ఖాళీ అక్కడే ఉంటుంది కాబట్టి వేలు పొర కిందకి దూరుతుంది. జారు గుడ్డు తెల్లసొన లేతగా ఉంటుంది, గట్టిగా నొక్కితే చితికిపోతుంది.

మా బోరు నీళ్లకి ప్లేటు మీద తెల్ల పొర పేరుకుంటుంది. అది దట్టమైనప్పుడు నీళ్లుండగానే ఆగిపోయేది. నెలకోసారి ప్లేటు చల్లారాక నిమ్మరసం కలిపిన నీళ్లు పోసి కాసేపు ఉంచి తుడిస్తే పోతుంది. గుడ్డుకు పొడవమని ఇచ్చిన సూది మాత్రం రెండో నెలలోనే ఎక్కడో పడిపోయింది. ఒలవడంలో తేడా ఏమీ కనపడలేదు.