43 శాతం దగ్గర ఆగిన మానిటర్: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు జాగ్రత్త

మానిటర్ లోపల నడిచే ప్రోగ్రామ్‌కు, అంటే ఫర్మ్‌వేర్‌కు, కొత్త వెర్షన్ కనిపించగానే ఎక్కించేయకండి. నేను అలాగే చేసి, నిక్షేపంగా పనిచేస్తున్న దాన్ని చేతులారా పాడుచేసుకున్నాను.

నాది వీఏ ప్యానెల్. గేమ్ ఫ్రేమ్ రేటుకు తగ్గట్టు స్క్రీన్ వేగాన్ని మార్చే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఆన్‌లో ఉంటే, గేమ్‌లో చీకటి సీన్లు వచ్చినప్పుడు స్క్రీన్ రెపరెపలాడేది. కొత్త వెర్షన్‌తో అది పోతుందనుకున్నాను. కానీ కంపెనీ రాసిన వివరాల్లో ఉన్నది ఒకే మాట: స్లీప్ నుంచి లేచాక యూఎస్‌బీ-సీ సిగ్నల్ రాని సమస్య సరిచేశాం అని. నేను వాడేది డిస్‌ప్లేపోర్ట్! అంటే ఆ అప్‌డేట్ నాకు సంబంధమే లేనిది. పైగా ఈ రెపరెప ప్యానెల్ స్వభావం. ఫ్రేమ్ రేట్ మారినప్పుడల్లా వెలుగు కొద్దిగా మారుతుంది. ఫర్మ్‌వేర్‌తో కొంత తగ్గొచ్చేమో గానీ పూర్తిగా పోవడం కష్టం. రిఫ్రెష్ రేట్ స్థిరంగా పెట్టి చూస్తే ఆగిపోతుంది. ఆ పరీక్ష ముందే చేయాల్సింది.

కొన్ని మానిటర్లకు పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేస్తారు. దాన్ని ఎక్కువగా ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఫైల్‌ను ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా నేరుగా కాపీ చేసి, మానిటర్ మెనూలోంచి మొదలుపెట్టాలి. నాది రెండో రకం. పీసీ నుంచి మానిటర్ యూఎస్‌బీ అప్‌స్ట్రీమ్ పోర్ట్‌కు కేబుల్ పెట్టి, కంపెనీ టూల్ నడపాలి. నేను ఆ కేబుల్‌ను హబ్‌కు గుచ్చాను. పీసీ స్లీప్ టైమ్ 15 నిమిషాలు. అది మార్చడం మరిచిపోయి లేచి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పీసీ నిద్రపోయింది. లేపితే టూల్ 43 శాతం దగ్గర బిగుసుకుపోయి ఉంది. చాలా మానిటర్లలో పాత ప్రోగ్రామ్‌ను చెరిపేసి, అదే చోట కొత్తది రాస్తారు. మధ్యలో తెగితే రెండూ ఉండవు. రెండో కాపీ ఉంచుకునే మోడళ్లు మాత్రం తప్పించుకుంటాయి.

అయితే అప్‌డేట్ మధ్యలో స్క్రీన్ కాసేపు నల్లగా అవడం మామూలే. ఆ టెన్షన్‌లో ప్లగ్ పీకకండి, కంపెనీ చెప్పిన సమయం దాటేదాకా ఆగండి. నాది గంట ఆగినా లేవలేదు. లైట్ వెలిగేది, లోగో రాదు, మెనూ బటన్ నొక్కినా ఏమీ లేదు. ప్లగ్ తీసి పెట్టాక టూల్ కూడా దాన్ని గుర్తించలేదు. సర్వీస్‌వాళ్లు మెయిన్ బోర్డే మార్చాలన్నారు.

తప్పనిసరిగా చేయాల్సి వస్తే, వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్ చివరి అక్షరాలతో సహా ఫైల్‌తో సరిపోవాలి. హబ్ వద్దు, కేబుల్ నేరుగా పీసీకే. స్లీప్ పూర్తిగా ఆపండి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి. పిక్చర్ సెట్టింగులు ఫోటో తీసుకోండి, అవి చెరిగిపోవచ్చు. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం చాలా మోడళ్లలో కుదరదు.

కొత్త బోర్డుతో మానిటర్ తిరిగొచ్చింది. మెనూలో చూస్తే అదే పాత వెర్షన్, స్క్రీన్ మీద అదే రెపరెప. ఇప్పుడు రిఫ్రెష్ రేట్ స్థిరంగా పెట్టుకుని ఆడుతున్నాను.