తందాన తానా, నీళ్ల పైపా: యుద్ధం గురించి చెప్పడానికి ఏది మేలు?

బొబ్బిలి వైపు పుట్టినవాళ్లకి యుద్ధమంటే ముందు బుర్రకథే గుర్తొస్తుంది. 1757 జనవరి 24న కోట పడిన కథ. కథకుడు తంబురా మీటుతుంటే, వంతలిద్దరూ 'తందాన తాన' అని అందుకునేవాళ్లు. తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి వచ్చేసరికి అంతా అయిపోయి ఉండే ఘట్టంలో నాకు రోమాలు నిక్కబొడుచుకునేవి. ఆ తర్వాత ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. 1945 నాటి ఐదు పాదాల ఇంగ్లీషు కవిత, పేరు 'బాల్ టరెట్ గన్నర్ మరణం'. రాసింది అమెరికా సైనిక విమానదళంలో పనిచేసిన రాండల్ జారెల్. ఆయన యుద్ధంలో విమానమెక్కలేదు, ఎక్కేవాళ్లకి శిక్షణ ఇచ్చాడు. బాంబర్ విమానం పొట్ట కింద వేలాడే గుండ్రటి గాజు గది బాల్ టరెట్. అందులో రెండు మెషిన్‌గన్లు, వాటి మధ్య మోకాళ్లు ముడుచుకున్న ఓ పొట్టి కుర్రాడు. తల్లి కడుపులో బిడ్డలా ఉంటాడని కవిత మొదట్లోనే తోస్తుంది. చివరి పాదం మాత్రం ఇంతే: నేను చచ్చిపోయాక వాళ్లు నన్ను పైపుతో కడిగి టరెట్‌లోంచి తీసేశారు.

రక్తం లేదు, ఏడుపు లేదు. మా ఇంట్లో పశువుల సాల కడిగేదీ పైపుతోనే. అందుకే ఆ మాట దగ్గర కడుపులో తిప్పింది. ఎత్తి తీయడానికి శరీరం మిగల్లేదని కవి ఎక్కడా అనడు. పైపు అన్నాక మనకే తెలిసిపోతుంది. ఆ 'వాళ్లు' ఎవరో కూడా చెప్పడు. రేపు ఇంకో కుర్రాడు ఎక్కాలి కాబట్టి గది శుభ్రం చేస్తున్నారు, అంతే. అక్కడ 'నెత్తురు ఏరులై పారింది' అని పెట్టి చూడండి. ఏరు మనకి అలవాటైన మాట, దానికి కళ్లు మూసుకోవచ్చు. పైపుకి మూసుకోలేం.

అలాగని సాదా మాటలు రాస్తే చాలనుకోకండి. మొదటి నాలుగు పాదాల్లో కల ఉంది, మంచులా గడ్డకట్టిన చలి ఉంది. అవి లేకపోతే ఐదోది పోలీసు రిపోర్టులా ఉండేది. బుర్రకథకేమో గుమ్మెట కావాలి, జనం కావాలి. అది వీరుణ్ణి గుర్తుంచుకోవడానికి పుట్టింది. ఆ పనికి దాన్ని మించింది లేదు. భయం సంగతైతే నా ఓటు పైపుకే.

మా చిన్నాన్న ఆర్మీలో చేసి వచ్చాడు. సరిహద్దులో ఏం చూశావని చిన్నప్పుడు అడిగితే, అన్నం కలుపుకుంటూ, "పక్కోడి బూట్లు నాకు సరిపోయాయిరా" అన్నాడు. పిన్ని వచ్చి ఇంకో గరిటె పప్పు వేసింది.