పాలవెల్లికి పండ్లా, కాయలా?

వినాయక చవితికి పాలవెల్లి కట్టేటప్పుడు ఏం వేలాడదీస్తే మేలన్నది విగ్రహాన్ని ఎన్నాళ్లు ఉంచుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. పూజ చేసి మర్నాడే నిమజ్జనం చేసేవాళ్లు మాగిన పండ్లే కట్టుకోవచ్చు. చూడ్డానికి బాగుంటాయి, దించగానే ఇంట్లోవాళ్లే తినేస్తారు. తొమ్మిది రోజులు ఉంచేవాళ్లు మాత్రం కాయల జోలికి వెళ్లడమే నయం.

ఈ మాట నాకు ఒక ఏడాది బాగా ఎక్కింది. మాగిన జామపండ్లు, కళ్లు విచ్చిన సీతాఫలాలు కట్టాం. మూడో రోజు పొద్దున సీతాఫలం తొడిమ ఊడి సరిగ్గా మట్టి వినాయకుడి మీద పడింది. జామపండ్ల చుట్టూ సన్న ఈగలు. తప్పు పండ్లది కాదు, కట్టినవాళ్లది. దారం బాగా పడుతుందని సూదితో గుచ్చి కట్టాం. గుచ్చినచోట రసం ఊరుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది, ఈగలూ అక్కడే గుడ్లు పెడతాయి.

ఇప్పుడు వెలగపండు, మారేడు కాయ, పచ్చి అరటికాయలు, పొట్టు తీయని మొక్కజొన్న పొత్తులు కడుతున్నాం. వెలగకు గట్టి పెంకు ఉంటుంది కాబట్టి తొమ్మిది రోజులు దానికో లెక్క కాదు. పొత్తు ఎండిపోతుందే గానీ, తడి లేకపోతే కుళ్లదు. అన్నీ ఆకుపచ్చగా ఉంటే ఏం బాగుంటుంది అంటారా? రంగుకి దానిమ్మ, బత్తాయి కలపండి. తోలు దెబ్బతినకుండా ఉంటే రెండూ వారం నిలుస్తాయి. మాగిన అరటిగెల మాత్రం దగ్గర పెట్టకండి. దాన్నుంచి వచ్చే వాయువుకి పక్కనున్న సీతాఫలం, జామ తొందరగా మాగిపోతాయి.

ఏది కట్టినా తొడిమకే దారం ముడి వేయాలి. తొడిమ లేని బత్తాయిని చిన్న వల సంచిలో పెట్టి కట్టొచ్చు. కడిగాక గుడ్డతో తుడిచి, గంటసేపు ఫ్యాన్ కింద ఆరబెట్టాకే కట్టాలి. భాద్రపదం వానల్లో తడి మిగిలితే తొడిమ దగ్గర బూజు పడుతుంది. రోజూ సాయంత్రం ఒక్కో కాయనీ వేలితో నొక్కి చూడండి. మెత్తబడినా, పులిసిన వాసన వచ్చినా అప్పుడే తీసేయాలి.

కలశం మీది కొబ్బరికాయకు జుట్టు పూర్తిగా తీయకండి. అది కళ్లను కప్పి ఉంచితే కాయ నిలుస్తుంది, తీసేస్తే ముందు కళ్ల దగ్గరే పాడవుతుంది. కొట్టిన కొబ్బరి చెక్కల్ని అలంకారంగా రాత్రంతా వదిలేయొద్దు, తెల్లారేసరికి జిగటగా మారి చీమలు పడతాయి. అరటి పిలకల్ని కోసినచోటు నేలకు తగలకుండా ఇసుక పోసిన బకెట్‌లో నిలబెట్టండి. ఆ జిగురు మరక టైల్స్‌ని వదలదు, బట్టల్ని అసలే వదలదు.

అప్పటికే ఈగలు చేరితే గ్లాసులో కాస్త వెనిగర్, చెంచా పంచదార, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి మూలన పెట్టండి, అందులో పడి మునిగిపోతాయి. కానీ మెత్తబడ్డ పండు పైన వేలాడుతూనే ఉంటే ఎన్ని గ్లాసులు పెట్టినా కొత్తవి వస్తూనే ఉంటాయి.