మూసిన పెట్టెలో ఏబీఎస్ ప్రింటింగ్: రెండేళ్లు వాడాక

ఈ సమీక్ష 3డీ ప్రింటర్ కరిగించి పొరలుగా పేర్చే ప్లాస్టిక్ తీగ, ఏబీఎస్ ఫిలమెంట్ గురించి, దానికోసం ఆ ప్రింటర్ చుట్టూ కట్టిన పెట్టె గురించి. వాడకమంతా మా పక్కింటి రిటైర్డ్ మెకానికల్ ఇంజినీరు గారిదే. ఇరుగుపొరుగు వాళ్లకు విరిగిన నాబ్‌లు, గడియలు, క్లిప్‌లు చేసి ఇస్తారు. డ్రాయింగులూ కొలతలూ ఆయనవి. ప్రింటర్ దగ్గర తోడుగా ఉండి నోట్సు రాసుకున్నది నేను.

చిన్న చిన్న నాబ్‌లకు పీఎల్ఏ అనే ఇంకో రకం ప్లాస్టిక్ చాలు. కానీ ఎండలో నిలిపే కారులోకి అది పనికిరాదు, ఎందుకంటే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటేదాకా గట్టిగానే ఉంటుంది. ఒక పొరుగాయన కారు గ్లవ్ బాక్స్ గడియ పలక మొదట పీఎల్ఏతో చేస్తే వారంలోనే వంగిపోయింది. అది 140 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 3 మందం ఉన్న బల్లపరుపు ముక్క. ఏబీఎస్‌కు అసలు పరీక్ష అలాంటిదే.

మొదటి ప్రయత్నం మూత లేని ప్రింటర్ మీద, ముక్క తయారయ్యే వేడి బల్ల, అంటే బెడ్, 100 డిగ్రీల వద్ద. సగం కాకముందే ఒక మూల దగ్గర 'టిక్' మని వినిపించింది. తర్వాత కరిగిన ప్లాస్టిక్ వదిలే నాజిల్ ఆ మూల మీదుగా వెళ్లినప్పుడల్లా తగిలి గీసుకున్న చప్పుడు. ఆ రెండూ వినిపిస్తే మూల లేచినట్టే, చూడక్కర్లేదు. ఆగాక కొలిస్తే మూల 3 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది.

దీనికి కారణం బెడ్‌కు అంటుకోకపోవడమే అనుకుంటారు. అది సగమే నిజం. పైన పడే ప్రతి పొరా వేడిగా పడి, చల్లారుతూ కుంచించుకుంటుంది. ఏబీఎస్ దాదాపు అర శాతం కుంచించుకుంటుందనుకుంటే, 140 మిల్లీమీటర్లకు 0.7 మిల్లీమీటరు. కింది పొరలు బెడ్‌కు అతుక్కుని కదలవు. పై పొరలు లోపలికి లాగుతాయి. ఆ లాగుడంతా చివరలకు చేరి మూలలను ఎత్తుతుంది. జిగురు ఎంత పూసినా లాగుడు పోదు. గట్టిగా అతికి ఉంటే ముక్క నడుమ పొరల మధ్య చీలిక వస్తుంది.

ఆయన మొదట చేసిన పొరపాటు తొందర. బెడ్ వేడి పెంచడం, జిగురు మార్చడం, వేగం తగ్గించడం, అన్నీ ఒకేసారి. ముక్క కాస్త మెరుగైనా ఏది పనిచేసిందో తెలియలేదు. తర్వాత ఒక్కోసారి ఒక్కటే మార్చారు. మా నోట్సు ప్రకారం అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది పెట్టె. ప్రింట్ మొదలుపెట్టే ముందు బెడ్‌ను 105 డిగ్రీల వద్ద పెట్టి అరగంట తలుపు మూసి ఉంచితే, లోపలి గాలి 50 డిగ్రీలకు చేరింది. దాంతో మూల లేవడం 3 నుంచి 1 మిల్లీమీటరుకు పడిపోయింది. మిగిలినది పోవడానికి 8 మిల్లీమీటర్ల బ్రిమ్, అంటే మొదటి పొరలో ముక్క చుట్టూ వేసే పల్చటి అంచు, కావలసి వచ్చింది. పలక మూలలను గుండ్రంగా మార్చడం కూడా ఉపయోగపడింది, ఎందుకంటే పదునైన మూల దగ్గరే లాగుడంతా చేరుతుంది. ముక్కను చల్లార్చే పార్ట్ కూలింగ్ ఫ్యాన్ ఆపేశారు.

అయినా ఒక ముక్క పాడైంది. ప్రింట్ చక్కగానే పూర్తయింది. పొరుగాయన గుమ్మం దగ్గర నిలబడి, "బాబాయి గారూ, రేపు పొద్దున్నే ఊరెళ్లాలి, అయిపోయిందా?" అన్నారు. ఈయన వెంటనే తలుపు తీసి, వేడి బెడ్ మీద నుంచే ముక్కను ఊడదీశారు. టేబుల్ మీద పెట్టాక అది అరటిపండులా వంగింది. ప్రింట్ అయ్యాక కూడా ముక్క అన్ని వైపులా సమంగా చల్లారాలి. బెడ్ 40 డిగ్రీలకు దిగేదాకా తలుపు తీయకపోతే ముక్క తనంతట తానే వదులుతుంది. మధ్యలో చూద్దామని తలుపు తీయడమూ ఇదే నష్టం చేస్తుంది, వేడి గాలి ఒక్కసారిగా బయటికి పోతుంది.

తర్వాతి పలక బల్లపరుపుగా వచ్చింది. కానీ 120 మిల్లీమీటర్లు ఉండాల్సిన రంధ్రాల దూరం వెర్నియర్‌లో 119.4 చూపింది. డ్రాయింగును పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్ స్లైసర్‌లో పొడవు, వెడల్పు కొలతలను 100.5 శాతానికి పెంచి మళ్లీ వేస్తే స్క్రూలు సరిగ్గా కూర్చున్నాయి. ఈ శాతం ఒక్కో బ్రాండు ఏబీఎస్‌కు వేరుగా ఉంటుంది, కాబట్టి రీలు మారితే మళ్లీ కొలవాలి.

లోపాలూ ఉన్నాయి. వాసన ఘాటుగా ఉంటుంది, అందులో స్టైరిన్ ఆవిరి ఉంటుంది. గదిలో కిటికీ తెరిచి, మనుషులు వేరే గదిలో ఉండాలి. కానీ ఆ కిటికీ గాలి నేరుగా పెట్టెకు తగలకూడదు. 200 మిల్లీమీటర్లు దాటిన పలకలను ఆయన ఇప్పుడు రెండు ముక్కలుగా చేసి కలుపుతున్నారు. బ్రేకు, సీటు బెల్టు, గ్యాసు గొట్టం లాంటి వాటికి భాగాలు అడిగితే ఒప్పుకోరు.

పెట్టె తలుపుకు ఇప్పుడొక చీటీ అంటించి ఉంది: "బెడ్ 40కి వచ్చేదాకా తీయవద్దు." దాని కిందే, ముక్క ఎప్పుడు తీసుకోవచ్చో ఆయన పెన్సిల్‌తో రాసిపెడతారు, ప్రింట్ సమయానికి ఇంకో గంట కలిపి.